అమ్మకం సెప్టెంబరులో, డబ్బు నవంబరులో

దసరా అక్టోబరులో వచ్చే ఏడాది సెప్టెంబరు నెలలో విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్లి చూడండి. వస్త్రలత చుట్టుపక్కల టోకు బట్టల దుకాణాల్లో నిలబడే చోటు దొరకదు. సూరత్ నుంచి వచ్చిన బేళ్లు ఒకపక్క విప్పుతుంటారు, గుడివాడ, తెనాలి, ఏలూరు, భీమవరం పార్టీలకు కట్టలు ఒకపక్క కడుతుంటారు. ఏడాది మొత్తంలో అంత అమ్మకం మళ్లీ సంక్రాంతికి కూడా ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే షావుకారు బ్యాంకు చుట్టూ, తెలిసినవాళ్ల చుట్టూ చేబదులు కోసం తిరుగుతుంటాడు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అమ్మకాలు బాగాలేక అప్పు చేశాడంటే అర్థం చేసుకోవచ్చు, ఇంత అమ్మి అప్పేమిటి?

అమ్మకం పెరగడం వల్లే ఆ అప్పు. టోకు వ్యాపారంలో సరుకు అరువు మీద వెళుతుంది, డబ్బు రెండు మూడు నెలల్లో విడతలుగా వస్తుంది. సరుకు పంపిన మిల్లువాడికో సూరత్ వ్యాపారికో మాత్రం గడువు రోజున కట్టాలి. ఈ రెంటి మధ్య దూరం ఎంతో, ఏ నెలలో ఎక్కువో ముందుగా కాగితం మీద చూపించేదే నగదు బడ్జెట్. లాభనష్టాల లెక్క దీన్ని చూపించదు, ఎందుకంటే ఆ లెక్కలో బిల్లు రాసిన రోజే అమ్మకం వచ్చేసినట్టు. నగదు బడ్జెట్‌లో రూపాయి చేతికి వచ్చిన నెలలోనే రాబడి, చేయి దాటిన నెలలోనే ఖర్చు.

ఒక దుకాణాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, పద్ధతి మాత్రం వ్యాపారంలో ఉన్నదే. చీరల టోకు దుకాణం. జూన్‌లో 20 లక్షలు, జూలైలో 20, ఆగస్టులో 30 లక్షల అమ్మకం జరిగింది. రాబోయే నెలలకు అంచనా ఇదీ: సెప్టెంబరు 50, అక్టోబరు 40, నవంబరు 20, సంక్రాంతి సరుకు వెళ్లే డిసెంబరు 30 లక్షలు. ఇవన్నీ జీఎస్టీ కలిపిన మొత్తాలు. సెప్టెంబరు ఒకటో తేదీన బ్యాంకులోనూ గల్లాపెట్టెలోనూ కలిపి 8 లక్షలు ఉన్నాయి. డిసెంబరు ఆఖరు వరకు నాలుగు నెలల బడ్జెట్ వేయాలి.

అమ్మకం అంచనా కంటే ముందు తేల్చుకోవలసింది వసూలు తీరు. నూరు రూపాయల సరుకు వెళితే అందులో ఎంత ఎప్పుడు తిరిగి వస్తుంది? దీనికి షావుకారు నోటిమాట పనికిరాదు. ‘మన పార్టీలంతా నెలలో ఇచ్చేస్తారండీ’ అనే మాటకూ ఆవర్జాలో కనిపించేదానికీ చాలా తేడా ఉంటుంది. నిరుడు ఇదే సీజనులో రాసిన బిల్లులు తీసి, ఒక్కో బిల్లుకు డబ్బు ఏ నెలలో వచ్చిందో పక్కన రాసుకోవాలి. ఇక్కడొక చిక్కు ఉంది. చిన్న ఊళ్ల పార్టీలు బిల్లు చూసుకుని కట్టరు, వచ్చినప్పుడల్లా యాభై వేలో లక్షో ఇచ్చి ‘ఖాతాలో వేయండి’ అంటారు. అలాంటి డబ్బును పాత బిల్లుకు ముందు సర్దుకుంటూ రావాలి. అలా సర్దకుండా వదిలేస్తే ఈ నెల వచ్చిన డబ్బంతా ఈ నెల అమ్మకానిదే అనిపిస్తుంది, వసూలు ఉన్నదానికంటే చురుగ్గా కనబడుతుంది.

ఏడాది మొత్తానికి ఒకే సగటు తీయడమూ పొరపాటే. పెళ్లిళ్ల సరుకు డబ్బు త్వరగా తిరుగుతుంది. దసరా సరుకు డబ్బు డెల్టా ఊళ్లలో ఖరీఫ్ వరి కోతల మీద కూడా ఆధారపడుతుంది. కోతలు నవంబరు, డిసెంబరుల్లో. రైతుకు ధాన్యం డబ్బు రానిదే ఊళ్లోని బట్టల కొట్టుకు బాకీ తీరదు, ఆ కొట్టువాడు విజయవాడకు పంపడు. అందుకే సీజనుకు సీజనే పోల్చాలి.

మన దుకాణంలో నిరుటి ఆవర్జా తిరగేస్తే ఈ తీరు తేలిందనుకుందాం. నూరు రూపాయల అమ్మకంలో 20 అప్పటికప్పుడే వస్తాయి. తర్వాతి నెలలో 30, ఆ పై నెలలో మరో 30, మూడో నెలలో 18. మిగిలిన 2 రూపాయలు రావు. ఆ రెండింటిలో మొండి బాకీలు కొన్ని, పండగయ్యాక మిగిలిపోయిన చీరలు వెనక్కి పంపి బిల్లులో తగ్గించుకునేవి కొన్ని. చీరల వ్యాపారంలో ఈ వాపసు సరుకును చాలామంది లెక్కలో మరిచిపోతారు. సరుకు తిరిగి వస్తుంది కాబట్టి నష్టం అనిపించదు కానీ, రావలసిన డబ్బులో మాత్రం అంత తగ్గినట్టే.

ఈ శాతాలు మొత్తం అమ్మకం మీద లెక్కించినవని గుర్తుంచుకోండి. కొందరు అరువు అమ్మకం మీద మాత్రమే శాతాలు తీస్తారు, అదీ పద్ధతే. కానీ ఒకచోట తీసిన శాతాన్ని మరోచోట అంటిస్తే లెక్కంతా చెడుతుంది. పరీక్షల్లో వాణిజ్య శాస్త్రం విద్యార్థులకు మార్కులు పోయేదీ, దుకాణాల్లో బడ్జెట్ తప్పేదీ ఎక్కువగా ఈ ఒక్క చోటే.

ఇక సెప్టెంబరు వసూలు చూద్దాం. ఆ నెల అమ్మకం 50 లక్షల్లో 20 శాతం, అంటే 10 లక్షలు వెంటనే వస్తాయి. ఆగస్టు అమ్మకం 30 లక్షల్లో 30 శాతం, 9 లక్షలు. జూలై 20 లక్షల్లో 30 శాతం, 6 లక్షలు. జూన్ 20 లక్షల్లో 18 శాతం, 3.60 లక్షలు. మొత్తం 28.60 లక్షలు. యాభై లక్షల సరుకు అమ్మిన నెలలో చేతికి వచ్చింది ఇరవై ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు మాత్రమే. ఇదే పద్ధతిలో అక్టోబరుకు 35.60 లక్షలు, నవంబరుకు 36.40 లక్షలు, డిసెంబరుకు 33 లక్షలు వస్తాయి. నవంబరు అంకె మీద ఒక్క నిమిషం ఆగండి. ఆ నెల అమ్మకం 20 లక్షలే, నాలుగు నెలల్లోకీ అదే అతి తక్కువ. వసూలు మాత్రం ఆ నెలే అన్నిటికంటే ఎక్కువ. ఈగలు తోలుకుంటూ కూర్చునే నెలలో గల్లా నిండుతుంది, తీరిక లేని నెలలో ఖాళీ అవుతుంది.

ఇప్పుడు చెల్లింపుల వైపు. ఈ దుకాణానికి అమ్మకపు ధరలో 85 శాతం కొనుగోలు ఖరీదు. ఒక నెల అమ్మే సరుకు అంతకు ముందు నెలలోనే దిగుతుంది. బిల్లుకు గడువు ముప్ఫై రోజులు. అంటే ఆగస్టులో దిగిన దసరా సరుకు 42.50 లక్షలకు సెప్టెంబరులో డబ్బు కట్టాలి. అక్టోబరులో 34 లక్షలు, నవంబరులో 17, డిసెంబరులో 25.50 లక్షలు కట్టాలి. గుమాస్తాల జీతాలు, అద్దె, హమాలీ, కరెంటు అన్నీ కలిపి నెలకు 2.50 లక్షలు. అక్టోబరులో వీటికి తోడు పండగ బోనసు ఒక లక్ష. బ్యాంకు పాత అప్పు వాయిదా 50 వేలు. షావుకారు ఇంటి ఖర్చుకు లక్ష. ఈ ఆఖరిది రాయడానికి మన వ్యాపారులకు ఎందుకో మొహమాటం. ఇంటికి వాడుకున్నది వ్యాపార ఖర్చు కాదు, నిజమే. కానీ ఆ లక్ష ఆ గల్లాపెట్టెలోంచే వెళుతుంది కాబట్టి నగదు బడ్జెట్‌లో ఉండి తీరాలి. తరుగుదల దీనికి పూర్తిగా ఎదురు. లాభనష్టాల లెక్కలో అది ఖర్చు, ఇక్కడ దానికి చోటు లేదు, ఎవరి చేతికీ ఇచ్చే డబ్బు కాదు కాబట్టి. మొండి బాకీ కూడా అంతే. రాని రెండు రూపాయలను రాబడిలో చేర్చకపోతే చాలు, మళ్లీ చెల్లింపుల్లో రాస్తే రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

పన్నులు రెండు రకాలుగా వస్తాయి. ముందస్తు ఆదాయపు పన్ను వాయిదాల తేదీలు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15. మనవాళ్లకు సెప్టెంబరులో లక్ష, డిసెంబరులో లక్ష అనుకుందాం. జీఎస్టీది వేరే కథ. సరుకు అరువిచ్చినా, పార్టీ పైసా కట్టకపోయినా, బిల్లు రాసిన నెలకు పన్ను లెక్క పడుతుంది. నెలనెలా రిటర్ను వేసేవారు మరుసటి నెల 20 లోపు కట్టాలి. అందులోంచి కొనుగోలు బిల్లుల మీద కట్టిన పన్ను మినహాయించుకోవచ్చు. చీరల మీద పన్ను 5 శాతం. ఆగస్టులో అమ్మినదానికంటే కొన్నది ఎక్కువ కాబట్టి సెప్టెంబరులో కట్టేదేమీ ఉండదు, పైగా కొంత మినహాయింపు మిగులుతుంది. ఆ మిగులు పోగా అక్టోబరులో సుమారు 20 వేలు పడుతుంది. అక్టోబరులో 40 లక్షలు అమ్మి 17 లక్షల సరుకే కొన్నారు కాబట్టి ఆ భారం నవంబరు 20న 1.10 లక్షలుగా వస్తుంది. డిసెంబరులో మళ్లీ ఏమీ లేదు. మొత్తం చెల్లింపుల్లో ఇది చిన్న అంకే. కానీ పండగ హడావిడి అయిపోయాక, అంతా సర్దుకుందనుకున్న నెలలో వస్తుంది.

అన్నీ ఒకచోట వేస్తే బడ్జెట్ ఇలా ఉంటుంది. అంకెలు లక్షల్లో.

| | సెప్టెంబరు | అక్టోబరు | నవంబరు | డిసెంబరు |
|---|---|---|---|---|
| ప్రారంభ నిల్వ | 8.00 | −10.90 | −14.50 | −0.20 |
| వసూళ్లు | 28.60 | 35.60 | 36.40 | 33.00 |
| చెల్లింపులు | 47.50 | 39.20 | 22.10 | 30.50 |
| ముగింపు నిల్వ | −10.90 | −14.50 | −0.20 | 2.30 |

ఒక నెల ముగింపు నిల్వే మరుసటి నెల ప్రారంభ నిల్వ. చెప్పడానికి ఇంత చిన్న సంగతే అయినా, నెలకో కాగితం మీద విడివిడిగా లెక్క వేసుకునే దుకాణాల్లో తప్పేది ఇక్కడే. అక్టోబరును విడిగా చూస్తే లోటు 3.60 లక్షలే, ‘ఎలాగో సర్దుకుందాం’ అనిపిస్తుంది. సెప్టెంబరు లోటు దాని నెత్తిన కూర్చుందని గుర్తుంటేనే 14.50 లక్షల లోతు కనబడుతుంది.

ఈ రెండు నెలల్లో దుకాణం నష్టపోయిందా? లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో 90 లక్షల అమ్మకం మీద 13.50 లక్షల తేడా మిగిలింది. అందులోంచి దుకాణం ఖర్చులు, బోనసు, రాని బాకీలు, జీఎస్టీ తీసేసినా ఆదాయపు పన్నుకు ముందు సుమారు అయిదు లక్షల లాభం ఉంటుంది. అదే రెండు నెలల్లో రొక్కం 8 లక్షల నుంచి మైనస్ పద్నాలుగున్నరకు దిగింది. ఆ డబ్బెక్కడికీ పోలేదు, ఏలూరులోనూ తెనాలిలోనూ పార్టీల ఖాతాల్లో ఉంది.

అది నిజంగా అక్కడే ఉందో లేదో సరిచూసుకునే దారి ఉంది. బడ్జెట్ పూర్తయ్యాక ఈ తనిఖీ చేయకుండా కాగితం మడవకూడదు. ఆగస్టు ఆఖరుకు రావలసిన బాకీలు ఎంత? ఆగస్టు అమ్మకంలో ఇంకా 78 శాతం, జూలైలో 48 శాతం, జూన్‌లో 18 శాతం రావాలి. మొత్తం 36.60 లక్షలు. నాలుగు నెలల అమ్మకం 140 లక్షలు, అందులో రాని 2 శాతం తీస్తే 137.20 లక్షలు. రెండూ కలిపి, వసూళ్లు 133.60 లక్షలు తీసేస్తే 40.20 లక్షలు మిగలాలి. ఇప్పుడు డిసెంబరు ఆఖరున ఉండాల్సిన బాకీలను నేరుగా లెక్కేయండి. డిసెంబరు అమ్మకంలో 78 శాతం, నవంబరులో 48, అక్టోబరులో 18. అదీ 40.20 లక్షలే వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే వసూళ్ల కూడిక సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే ఎక్కడో ఒక నెల విడత మరిచిపోయారు, లేదా రెండుసార్లు రాశారు.

లోటు 14.50 లక్షలు కాబట్టి బ్యాంకు నుంచి అంతే తెచ్చుకుంటే చాలుననుకుంటే ప్రమాదం. చేతిలో ఎప్పుడూ కనీసం కొంత ఉండాలి. 3 లక్షలు అనుకుంటే 17.50 లక్షల ఏర్పాటు కావాలి. అదీ చాలదు. నెల ఆఖరి నిల్వ నెల మధ్యలో జరిగేది చూపించదు. సెప్టెంబరులో దిగిన 34 లక్షల సరుకులో 24 లక్షల సరుకు మొదటి పది రోజుల్లోనే వచ్చిందనుకోండి. వాటి గడువు అక్టోబరు పదో తేదీ లోపే తీరుతుంది. ఆ పది రోజుల్లో వసూలు 11 లక్షలు అయిందనుకున్నా, మైనస్ 10.90తో మొదలైన ఖాతా పదో తేదీకి మైనస్ 23.90 లక్షలకు దిగుతుంది. నెలాఖరుకు అది మైనస్ 14.50కి ఎక్కి వస్తుంది, పట్టికలో కనిపించేది ఆ అంకె మాత్రమే. పదిహేడున్నర లక్షల హద్దు పెట్టుకుని చెక్కులిచ్చిన షావుకారు చెక్కు పదో తేదీన బ్యాంకు నుంచి తిరిగొస్తుంది. చెక్కు తిరిగిరావడం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసుదాకా వెళ్లగలదు. అంతకంటే ముందు సూరత్‌లో మాట పోతుంది, తర్వాతి సీజనుకు అరువు ముడుచుకుపోతుంది. కాబట్టి నెలవారీ బడ్జెట్‌లో లోటు కనిపించిన నెలలను మాత్రం వారంవారీగా విడగొట్టి చూడాలి. మిగిలిన నెలలకు అంత శ్రమ అక్కర్లేదు.

ఇప్పటిదాకా అందరూ నిరుటి తీరులోనే కడతారనుకున్నాం. ఈసారి కోతలు ఆలస్యమయ్యాయి, ఊళ్లలో డబ్బు ఆడటం లేదు. సెప్టెంబరు అమ్మకం మొదలుకుని, తర్వాతి నెలలో రావలసిన 30లో పది రూపాయలు ఒక నెల వెనక్కి జరిగాయి. రెండో నెలలోనూ పది అలాగే జరిగాయి. అంటే తీరు 20, 20, 30, 28 అయింది. ఒక్క రూపాయి కూడా ఎగవేయలేదు, వచ్చేవి కాస్త ఆలస్యంగా వస్తున్నాయి, అంతే. మళ్లీ లెక్కేస్తే అక్టోబరు ఆఖరు లోటు 14.50 నుంచి 19.50 లక్షలకు పెరుగుతుంది. నవంబరు ఆఖరుకు దాదాపు సున్నాకు రావలసిన ఖాతా మైనస్ 9.20 దగ్గర ఆగుతుంది. డిసెంబరు ఆఖరున 2.30 లక్షలు మిగలాల్సింది, 3.70 లక్షల లోటు ఉంటుంది. సంక్రాంతి సరుకుకు కట్టాల్సిన నెలలోకి అప్పుతోనే అడుగుపెడతారు.

బడ్జెట్‌ను రెండు తీరుల్లో వేయమనేది ఇందుకే. ఒకటి నిరుటి తీరు, రెండోది నూటికి పది ఆలస్యమయ్యే తీరు. బ్యాంకును అడగాల్సిన హద్దు రెండో దాన్నిబట్టి ఉండాలి.

బ్యాంకు అంటే ఇక్కడ క్యాష్ క్రెడిట్ ఖాతా, వ్యాపారుల మాటలో సీసీ. దీని హద్దు పుస్తకంలో ఎంతున్నా, ఏ నెలకా నెల తీసుకోగలిగేది ఎంతో నెలనెలా ఇచ్చే స్టాకు పట్టిక తేలుస్తుంది. బ్యాంకులవాళ్లు దాన్ని డ్రాయింగ్ పవర్ అంటారు. సరుకు విలువలోంచి, బాకీలలోంచి కొంత భాగం తగ్గించి మిగిలినదానికే అప్పిస్తారు. మామూలుగా 90 రోజులు దాటిన బాకీలను లెక్కలోకే తీసుకోరు. దీనిలోని మెలిక చూడండి. పార్టీలు ఆలస్యం చేసేకొద్దీ మీకు సీసీ అవసరం పెరుగుతుంది, అదే ఆలస్యం వల్ల బాకీలు 90 రోజుల గీత దాటుతాయి, తీసుకోగలిగిన మొత్తం తగ్గుతుంది. పైగా పండగ అయిపోయేసరికి దుకాణంలో సరుకూ తక్కువే ఉంటుంది. అందువల్ల హద్దు మంజూరు చేయించుకోగానే ఊపిరి పీల్చుకోకూడదు. అక్టోబరు, నవంబరుల్లో డ్రాయింగ్ పవర్ ఎంత ఉంటుందో కూడా బడ్జెట్ అడుగున ఒక వరుస రాసుకోవాలి.

చాలామంది బ్యాంకు జోలికి పోకుండా పట్టే అడ్డదారి మరొకటి ఉంది. సరుకు ఇచ్చినవాడికి ఆలస్యంగా కట్టడం. సెప్టెంబరు బిల్లుల్లో 10 లక్షలు అక్టోబరుకు, అక్టోబరులో 14 లక్షలు నవంబరుకు నెట్టేస్తే పట్టిక ముచ్చటగా మారిపోతుంది. సెప్టెంబరు ఆఖరు మైనస్ 90 వేలు, అక్టోబరు ఆఖరు మైనస్ 50 వేలు. లోటు మాయమైనట్టే ఉంటుంది. అది మాయం కాలేదు, చేయి మారింది. మన బ్యాంకు మోయాల్సిన బరువు సూరత్‌వాడు మోస్తున్నాడు, ఊరికే మోయడు. గడువు దాటితే ఏడాదికి ఇంత వడ్డీ అని అతని బిల్లు మీదే అచ్చువేసి ఉంటుంది. అది 18 శాతం, సీసీ వడ్డీ 10 శాతం అనుకుంటే, 14 లక్షల మీద ఒక నెలకు అక్కడ 21 వేలు, ఇక్కడ పన్నెండు వేల లోపు. వడ్డీ అడగనివాడు వచ్చే సీజనులో ధరలో రాబట్టుకుంటాడు.

చట్టమూ ఉంది. సరుకు ఇచ్చినది ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తరహా ఉత్పత్తిదారు అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, మీరిద్దరూ ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలుస్తూ. ఆ వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపడానికీ వీల్లేదు. ఇంకా, గడువు దాటిన అలాంటి బిల్లు మార్చి 31 నాటికి కట్టకుండా మిగిలితే ఆ కొనుగోలు ఆ ఏడాది ఖర్చుగా చెల్లదు, కట్టిన ఏడాదే చెల్లుతుంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఈ నిబంధన ఉంది. ముప్ఫై రోజుల బిల్లును నెల రోజులు నెట్టామంటే అరవై రోజులు, గీత దాటినట్టే. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఈ ఆలస్యపు వడ్డీ రక్షణ వర్తించదు కాబట్టి, మీకు బిల్లిచ్చినవాడు చీరలు నేయించి అద్దకం వేయించేవాడా, మధ్యవర్తి వ్యాపారా అన్నది విడదీసి రాసుకోవాలి. ఎవరికి ఆలస్యం చేయకూడదో ఆ జాబితా చెబుతుంది.

వసూలును ముందుకు లాగడానికి నగదు తగ్గింపు ఇవ్వవచ్చు. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తామంటే, సగటున యాభై రోజులకు వచ్చే డబ్బు నలభై రోజులు ముందొస్తుంది. నలభై రోజులకు రెండు శాతమంటే ఏడాదికి పద్దెనిమిది శాతం దాటుతుంది, సీసీ కంటే ఖరీదైన డబ్బు. నా ఉద్దేశంలో దీన్ని పార్టీలందరికీ కాకుండా, ఆలస్యం చేస్తారని ఆవర్జా చెబుతున్న కొద్దిమందికే ఇవ్వడం మేలు. మంచి పార్టీలు తగ్గింపు తీసుకుంటారు, వాళ్లు ఎలాగూ సమయానికే కట్టేవాళ్లు.

నిజంగా షావుకారు చేతిలో ఉన్న కళ్లెం కొనుగోలు. పార్టీలను తొందరపెట్టగలిగినా శాసించలేం, బ్యాంకునూ అంతే. సెప్టెంబరు మధ్యలో సూరత్‌కు ఎంత ఆర్డరు పెట్టాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది. అక్టోబరు సరుకు 34 లక్షలకు బదులు 28 లక్షలకు తగ్గిస్తే అక్టోబరు చెల్లింపు ఆ ఆరు లక్షల మేరా తగ్గుతుంది. దానికి తగ్గట్టు అమ్మకమూ 7 లక్షలు తగ్గవచ్చు, కానీ ఆ ఏడు లక్షల్లో అక్టోబరులోనే చేతికి వచ్చేది 1.40 లక్షలే. అంటే అక్టోబరు లోటు 4.60 లక్షలు తేలికపడుతుంది. దానికి మూల్యంగా వదులుకునేది లక్ష చిల్లర లాభం. ఆ బేరం కుదురుతుందో లేదో ఎవరి దుకాణానికి వారే తేల్చుకోవాలి. బడ్జెట్ ముందుంటే కనీసం ఏది ఇచ్చి ఏది తీసుకుంటున్నామో తెలుస్తుంది.

ఆర్డరు వేళకు వసూలు తీరు మారుతోందని పసిగట్టడానికి ఒక్క అంకె చాలు. సెప్టెంబరు 15 నాటికి ఆగస్టు అమ్మకంలో ఎంత శాతం వచ్చింది? నెల మొత్తానికి 30 రావాలి. నిరుడు సగం నెలకు 14 వచ్చి, ఈసారి 9 దగ్గరే ఉంటే, రెండో తీరు మొదలైందనే అర్థం. ఆ రోజే అక్టోబరు సరుకు ఆర్డరు మళ్లీ చూసుకోండి, బ్యాంకు మేనేజరుకు కబురు చేయండి. సీసీ హద్దు పెంచడానికి బ్యాంకు కాగితాలు, ఆమోదాలు అంటూ వారాలు తీసుకుంటుంది, కాబట్టి అసలు దరఖాస్తు ఈ నాలుగు నెలల పట్టికను జత చేసి ఆగస్టులోనే ఇవ్వాలి. అక్టోబరు మొదటి వారంలో అడిగితే డబ్బు దీపావళి దాటాకే వస్తుంది, అప్పటికి నవంబరు వసూళ్లు ఎలాగూ మొదలవుతాయి.